రిలీవింగ్ లెటర్ చెప్పని సంగతి

సైబర్ సెక్యూరిటీ ఉద్యోగాల ప్రకటనల్లో తరచూ కనిపించే పేరు సీఐఎస్‌ఎస్‌పీ. ఐఎస్‌సీ2 అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఇది. వెయ్యికి ఏడొందలు తెచ్చుకుని పరీక్ష గట్టెక్కినవాళ్లు పనైపోయిందనుకుంటారు. కానీ పరీక్ష పాసైనంత మాత్రాన ఆ ఐదక్షరాలు పేరు పక్కన పెట్టుకోవడానికి లేదు. సంస్థ గుర్తించిన ఎనిమిది డొమైన్లలో కనీసం రెండింటిలో, మొత్తం కలిపి ఐదేళ్లు జీతానికి పని చేసినట్టు చూపాలి. కంప్యూటర్ సంబంధమైన డిగ్రీ ఉంటే ఒక ఏడాది మినహాయిస్తారు. పరీక్ష పాసైన తొమ్మిది నెలల్లోగా ఈ తతంగమంతా ముగించాలి. పై అధికారి రాసే అనుభవ పత్రం అవసరం పడేది ఇక్కడే.

మన కంపెనీలు ఉద్యోగం వదిలేటప్పుడు రిలీవింగ్ లెటర్ ఇస్తాయి. అందులో చేరిన తేదీ, వెళ్లిన తేదీ, హోదా ఉంటాయి. ఏం పని చేశారో ఉండదు. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే. 'సిస్టమ్ ఇంజనీర్' అన్న హోదా కింద ఒకరు ప్రింటర్లు బాగుచేస్తూ ఉండొచ్చు, మరొకరు ఫైర్‌వాల్ చూస్తూ ఉండొచ్చు. ఆ తేడా హెచ్‌ఆర్ వాళ్ల ఫైల్లో కనిపించదు. రోజూ పని అప్పగించి, చేసిందో లేదో చూసుకున్న మేనేజర్‌కే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో పని చేస్తున్న ఒక బీటెక్ కుర్రాణ్ని ఊహించుకుందాం. కంప్యూటర్ సైన్స్ చదివాడు. 2020 జూన్ నుంచి 2021 మే వరకు ఒక చిన్న కంపెనీలో సిస్టమ్ ఇంజనీర్. 2021 జూన్ నుంచి 2024 డిసెంబర్ దాకా పెద్ద కంపెనీ సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో షిఫ్టుల్లో కూర్చుని, అలర్ట్‌లు వచ్చినప్పుడు అవి నిజమైన దాడులో కాదో తేల్చే పని. అంటే 43 నెలలు. డిగ్రీకి 12 నెలలు కలిపితే 55. కావలసింది 60. ఐదు నెలలు తగ్గాయి. పైగా ఆ 43 నెలల పనీ దాదాపు ఒక్క డొమైన్‌లోదే, సెక్యూరిటీ ఆపరేషన్స్. రెండోది ఎక్కడినుంచో రావాలి.

ఆ లోటు రెండూ తీరేది మొదటి కంపెనీ పనితోనే. అక్కడి ఏడాదంతా లెక్కకు వస్తుందా? మొదటి ఐదు నెలలు అతను చేసింది లాప్‌టాప్‌లకు సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, ప్రింటర్లు చూడడం. అది సెక్యూరిటీ పని కాదు. నవంబర్‌లో మేనేజర్ అతనికి ఉద్యోగుల లాగిన్ ఖాతాల బాధ్యత అప్పగించాడు. అక్కడినుంచి మే దాకా ఏడు నెలలు. దీన్ని ఐడెంటిటీ అండ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్ అనే డొమైన్ కింద చూపొచ్చు. 55కి 7 కలిస్తే 62 నెలలు, డొమైన్లు రెండు. లెక్క కుదిరింది. కానీ ఆ ఏడు నెలల్లో ఏం జరిగిందో చెప్పగల కాగితం ఒక్కటే, ఆనాటి మేనేజర్ రాసే లేఖ.

సాధారణంగా జరిగేదేమిటంటే, అభ్యర్థి ఫోన్ చేసి "సార్, డ్రాఫ్ట్ నేనే పంపిస్తా, మీరు సంతకం పెట్టండి చాలు" అంటాడు. డ్రాఫ్ట్ పంపడంలో తప్పు లేదు, మేనేజర్‌కు పాత తేదీలు గుర్తుండవు కదా. ఇబ్బంది ఆ డ్రాఫ్ట్‌లో ఉండే మాటలతో వస్తుంది. 'కంపెనీ భద్రతా కార్యకలాపాలన్నిటికీ బాధ్యత వహించారు' అని ఉంటుంది. ఏడాది అనుభవం లేని కుర్రాడు కంపెనీ భద్రతంతా మోశాడంటే ఎవరు నమ్ముతారు? లేదంటే పరీక్ష సిలబస్‌లోని వాక్యాలే వరసగా దించేసి ఉంటాయి. చదివేవాళ్లకు అందులో మనిషి కనపడడు, సిలబస్ కనపడుతుంది.

అదే లేఖ పనికొచ్చేలా రాస్తే, తెలుగులో చెప్పాలంటే, ఇలా ఉంటుంది: 'ఈయన 2020 జూన్ నుంచి 2021 మే వరకు నా కింద ఫుల్‌టైమ్‌గా, వారానికి 40 గంటలు పని చేశారు. 2020 నవంబర్ నుంచి ఆయన ముఖ్యమైన పని ఉద్యోగుల ఖాతాల నిర్వహణ. కొత్తగా చేరినవారికి ఖాతా తెరిచేవారు. విభాగం మారినవారికి పాత అనుమతులు తీసేసి కొత్తవి ఇచ్చేవారు. రాజీనామా చేసినవారి ఖాతాను చివరి పనిరోజునే మూసేసేవారు. మూడు నెలలకోసారి ఒక్కో విభాగం మేనేజర్‌కు జాబితా పంపి, అక్కర్లేని అనుమతులు రద్దు చేసేవారు. అంతకుముందు ఐదు నెలలు సాధారణ డెస్క్‌టాప్ సపోర్ట్‌లో ఉన్నారు.'

చివరి వాక్యం చూసి అభ్యర్థి కంగారు పడతాడు. నిజానికి లేఖకు బలం దానివల్లే వస్తుంది. రాసినాయన అన్నీ పొగడకుండా, ఏది ఎప్పుడు మొదలైందో గుర్తుపెట్టుకుని చెబుతున్నాడని తెలుస్తుంది. 40 గంటలన్న మాటకూ పని ఉంది. వారానికి 35 గంటలు, అలా నాలుగు వారాలు చేస్తేనే ఐఎస్‌సీ2 దాన్ని ఒక నెల అనుభవంగా లెక్కిస్తుంది. పార్ట్‌టైమ్ అయితే 2,080 గంటలు కలిస్తే ఒక ఏడాది. లేఖలో గంటలు లేకపోతే ఎదుటివాళ్లు ఊహించుకోవాల్సి వస్తుంది.

ఈ మాటలన్నీ కంపెనీ లెటర్‌హెడ్ మీద, సంతకం, హోదా, సంప్రదించే వివరాలతో రావాలి. తేదీలు రిలీవింగ్ లెటర్‌తో రోజుకు రోజు సరిపోవాలి. పని వివరించాలన్న ఉత్సాహంలో క్లయింట్ల పేర్లు, ఏ లోపాలు బయటపడ్డాయన్న సంగతులు రాయకూడదు. భద్రత చూసేవాడికి రహస్యం దాచడం తెలియదని ఆ లేఖే సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

కొన్ని కంపెనీల్లో మేనేజర్లు లెటర్‌హెడ్ వాడకూడదన్న నియమం ఉంటుంది. అప్పుడు తేదీలు, హోదాతోపాటు పని వివరణ కూడా హెచ్‌ఆర్ లేఖలోనే చేర్చమని అడగాలి. మేనేజర్ ఆ నాలుగు వాక్యాలు రాసి హెచ్‌ఆర్‌కు పంపితే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ఇంకొక తికమక కూడా ఉంది. దరఖాస్తుకు ఎండార్సర్ అని ఒకరు కావాలి. ఆయన సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉన్న ఐఎస్‌సీ2 సభ్యుడై ఉండాలి, పై అధికారే కానక్కర్లేదు. మేనేజర్‌కు ఆ సభ్యత్వం ఉంటే రెండు పనులూ ఆయనే చేయొచ్చు. లేకపోతే ఆయన లేఖ అనుభవానికి రుజువుగా మాత్రమే నిలుస్తుంది, ఎండార్సర్‌ను వేరే వెతుక్కోవాలి. ఎవరూ తెలియకపోతే ఆ పాత్ర ఐఎస్‌సీ2యే తీసుకుంటుంది. అప్పుడు ఉద్యోగ రుజువులు నేరుగా వాళ్లే పరిశీలిస్తారు కాబట్టి లేఖ మీద భారం పెరుగుతుంది.

మేనేజర్ వైపునుంచి చూస్తే, తను చూడని పనికి సంతకం పెట్టనవసరం లేదు. తను చేరకముందు జరిగిన పని గురించి అడిగితే, అప్పటి అధికారి పేరు చెప్పి పంపడమే సరైన మర్యాద. కొన్ని దరఖాస్తులను ఐఎస్‌సీ2 ఆడిట్‌కు ఎంచుకుంటుంది. అబద్ధమని తేలితే సర్టిఫికెట్ దక్కదు, దక్కినదీ నిలవదు.

లెక్క నిజంగానే తక్కువైతే దొంగ లేఖ వెతుక్కోనక్కర్లేదు. పరీక్ష పాసైనవారిని ఐఎస్‌సీ2 అసోసియేట్‌గా ఉంచి, అనుభవం పూర్తి చేసుకోవడానికి ఆరేళ్ల గడువిస్తుంది. మన కుర్రాడికి పాత మేనేజర్ దొరక్కపోయినా, ఇప్పటి ఉద్యోగంలోనే ఇంకొక ఐదు నెలలుండి, రెండో డొమైన్ పని ఏదైనా అడిగి తీసుకుంటే సరిపోతుంది. అన్నిటికన్నా తేలిక మార్గం నోటీస్ పీరియడ్‌లో ఉండగానే ఈ లేఖ అడిగి తీసుకోవడం. అప్పటికి మేనేజర్ అక్కడే ఉంటాడు, లెటర్‌హెడ్ అందుబాటులో ఉంటుంది, ఎవరు ఏ నెలలో ఏ పని చూశారో టికెట్లలో ఇంకా వెతికితే దొరుకుతుంది.