పెయింట్‌లో ఆడిన సినిమా

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో సినిమా చూస్తూ ప్రింట్ స్క్రీన్ నొక్కినవాళ్లు ఈ వింత చూసే ఉంటారు. దాన్ని పెయింట్‌లో అతికిస్తే హీరో ఉండాల్సిన చోట గులాబీ రంగో నలుపో తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ బొమ్మను సరిగ్గా ప్లేయర్ ఉన్న చోటికి జరిపితే మాత్రం పెయింట్ లోపలే సినిమా ఆడేది!

దాని పేరు ఓవర్‌లే. ప్లేయర్ తన కిటికీని ఒకే రంగుతో పూసి ఊరుకునేది. తెర మీద అక్కడ ఆ రంగు ఉన్నంత మేరా గ్రాఫిక్స్ కార్డు వీడియోను నింపేది. ఫ్రేమును సాగదీయడం, రంగు కట్టడం అన్నీ కార్డు పనే. అప్పటి ప్రాసెసర్లకు అంత సత్తువ లేదు మరి. అందుకే ఒకే సినిమా ఒక్కో కార్డు మీద ఒక్కో రంగులో కనిపించేది, ప్లేయర్ చేయగలిగింది కూడా పెద్దగా ఉండేది కాదు.

ఎక్స్‌పీతో వీఎంఆర్, విస్టాతో ఈవీఆర్ అనే రెండరర్లు వచ్చాక కొంత పెత్తనం కార్డు చేతిలోంచి జారింది. అటు 2000లో హంగేరీలో మొదలైన ఎంప్లేయర్ నుంచి ఎంప్లేయర్2, దాన్నుంచి ఎంపీవీ చీలాయి. 2013లో తొలిసారి విడుదలైన ఈ ఎంపీవీ ఆ లెక్కలన్నీ తానే రాసుకుని, వాటిని గ్రాఫిక్స్ చిప్ చేత చేయిస్తుంది. సెట్టింగుల ఫైలు `mpv.conf`లో నేను పెట్టుకునేది ఇంతే:

```
vo=gpu-next
profile=high-quality
video-sync=display-resample
```

రెండో వరుస మెరుగైన స్కేలింగును ఎంచుతుంది. పాత ల్యాప్‌టాప్ దాని బరువు మోయలేక ఫ్రేములు వదిలేస్తుంటే అక్కడ `profile=fast` రాయండి. స్కేలింగ్ గురించి ఇంతకన్నా మథనపడక్కర్లేదని నా అభిప్రాయం. రంగు సంగతి వేరు.

వీడియో ఫైలులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉండవు. వెలుగు ఒక పొరలో, రంగు మరో రెండు పొరల్లో ఉంటాయి. మామూలు 1920×1080 సినిమాలో రంగు పొరలు 960×540 మాత్రమే. అంటే అసలు సైజులో చూస్తున్నా రంగును సాగదీయక తప్పదు. ఆ పొరలను మళ్లీ మూడు రంగులుగా మార్చడానికి ఎక్కువగా రెండు సూత్రాలు వాడుకలో ఉన్నాయి: పాత టీవీకి బీటీ.601, హెచ్‌డీకి బీటీ.709. ఏది వాడాలో ఫైలే చెప్పాలి. చెప్పకపోతే ఎంపీవీ కొలతలు చూసి ఊహిస్తుంది. వెడల్పు 1280 లేదా అంతకు మించినా, ఎత్తు 576 దాటినా 709, లేదంటే 601.

ఊహ చాలాసార్లు కుదురుతుంది. కానీ ఎవరో హెచ్‌డీ సినిమాను ఫోను కోసం 848×360కి కుదించి, సూత్రం మార్చకుండా, గుర్తు వేయకుండా వదిలేశారనుకోండి. లోపల ఉన్నది 709, ఎంపీవీ విప్పేది 601. అప్పుడు 255 ఉండాల్సిన నిండు ఎరుపు 233కి దిగుతుంది. పెళ్లి చీర కాస్త మసకబారుతుంది, వరిచేను అతిగా మెరుస్తుంది. ముఖాల ఛాయ పెద్దగా మారదు కాబట్టి చాలామందికి అనుమానమే రాదు. పెద్ద కాపీని పక్కన ఆడిస్తే తేడా బయటపడుతుంది. ఆ ఒక్క ఫైలుకు మందు ఇది:

```
mpv --vf=format:colormatrix=bt.709 cinema.mp4
```

రంగు కాక నలుపే బూడిదలా కనిపిస్తే జబ్బు వేరు. వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. కంప్యూటర్ తెరకు 0 నుంచి 255 వరకూ కావాలి. ప్లేయర్ ఆ మార్పు తనంతట తానే చేస్తుంది. టీవీకి కలిపినప్పుడు తేడా వస్తే డ్రైవర్‌లోనో టీవీలోనో సరిచేయాలి. ప్లేయర్‌ను కదిలిస్తే ఒక తప్పు మీద ఇంకో తప్పు పేరుకుంటుంది.

ఇక కుదుపు. సినిమా సెకనుకు 23.976 ఫ్రేములు, తెర 60 సార్లు. ఒక ఫ్రేము మూడు సార్లు, తర్వాతిది రెండు సార్లు కనిపించాలి. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాటులో ఆ కుంటినడక తెలుస్తుంది. పైగా 23.976కి రెండున్నర రెట్లు 59.94, సరిగ్గా 60 కాదు. ఆ చిన్న తేడా పేరుకుని దాదాపు 17 సెకన్లకోసారి వరస తప్పుతుంది. `display-resample` ఈ రెండో జబ్బుకు మందు. సినిమాను వెయ్యింట ఒక వంతు వేగంగా నడిపి, ధ్వనినీ అంతే జరుపుతుంది. చెవికి తెలియదు. ధ్వనిని విప్పకుండా నేరుగా యాంప్లిఫయర్‌కు పంపేవాళ్లకు మాత్రం ఈ సర్దుబాటు కుదరదు.

మూడు-రెండు నడక దానితో పోదు. తెరను 120 హెర్ట్జ్‌కు మార్చగలిగితే ప్రతి ఫ్రేమూ సమానంగా ఐదుసార్లు నిలుస్తుంది. ఆడుతుండగా `I` నొక్కి, వదిలేసిన ఫ్రేముల లెక్క పెరుగుతోందేమో చూడండి. అది కదలకపోయినా షాటులో కుదుపు కనిపిస్తుంటే, ఆ తర్వాత వెతకాల్సింది తెర సెట్టింగుల్లోనే.