గోరుచుట్టు: ఒకే ఇంట్లో రెండు వేళ్లు, రెండు వైద్యాలు

గోరుచుట్టు మీద రోకటిపోటు అనే మాట మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఆ నొప్పి ఎంతటిదో పడ్డవాళ్లకే తెలుసు. చిక్కబళ్లాపురంలో గానీ చింతామణిలో గానీ ఆస్పత్రికి వెళ్లి 'ఉగురు సుత్తు' అంటే డాక్టరుకు వెంటనే అర్థమవుతుంది. తెలుగులోనూ కన్నడంలోనూ పేరు ఒకే అర్థంతో ఉంది. చిక్కేమిటంటే, ఈ ఒక్క పేరు కింద రెండు వేరు వేరు జబ్బులున్నాయి. ఒకదానికి మేలు చేసే పని రెండోదానికి కీడు చేస్తుంది.

బాగేపల్లి తాలూకాలో తెలిసినవాళ్ల ఇంట్లో ఈ రెండూ ఒకేసారి వచ్చాయి. కొడుకు తొమ్మిదో తరగతి. పుస్తకం ముందు కూర్చుంటే చేతివేళ్లు నోట్లోనే ఉంటాయి. తల్లికి మూడు పూటలా బోకులు తోమే పని, మధ్యలో బట్టలు, ఆవు దగ్గర కడుగుడు. కొడుకు కుడిచేతి చూపుడువేలు రెండు రోజుల్లో ఎర్రగా ఉబ్బింది. తల్లికైతే రెండు వేళ్ల గోళ్ల మొదళ్లు నాలుగు నెలలుగా ఉబ్బే ఉన్నాయి, పెద్దగా నొప్పి లేదు. అవ్వ ఇద్దరికీ ఒకటే చెప్పింది: వేడినీళ్లలో పెట్టండి, నిమ్మకాయ తొడగండి.

ముందు కొడుకు సంగతి చూద్దాం. గోరు మొదట్లో చర్మానికీ గోటికీ మధ్య ఒక సన్నటి తెల్లని పొర అతుక్కుని ఉంటుంది. దాన్ని క్యూటికల్ అంటారు. కిటికీ అద్దం చుట్టూ పూసిన లప్పంలాంటిది అది. నీళ్లూ మురికీ లోపలికి పోకుండా అదే ఆపుతుంది. గోళ్లు కొరికేటప్పుడు ఆ పొర చిరుగుతుంది, పక్కనున్న తోలు ముక్క పీకితే చిన్న గాయమవుతుంది. ఆ సందులోంచి చర్మం మీదుండే స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మక్రిమి లోపలికి పోతుంది. కొరికే అలవాటున్నవాళ్లకు దానితోపాటు నోట్లో ఉండే క్రిములు కూడా చేరతాయి. డాక్టరు మందు రాయాల్సి వస్తే ఈ తేడాను బట్టి మందు మారుతుంది. అందుకే "మావాడు గోళ్లు కొరుకుతాడు" అని అడగకముందే చెప్పడం మంచిది.

మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎరుపు, వాపు, తాకితే నొప్పి మాత్రమే ఉంటాయి. చీము ఇంకా గూడు కట్టుకోలేదు. ఇంటి వైద్యం పనిచేసేది ఈ దశలోనే. పసిబిడ్డకు పోసే స్నానం నీళ్లంత వెచ్చదనం ఉన్న నీళ్లలో వేలిని పది పదిహేను నిమిషాలు ముంచి ఉంచాలి. రోజుకు మూడు నాలుగుసార్లు చేయాలి. కాస్త ఉప్పు వేసుకోవచ్చు, వేయకపోయినా నష్టం లేదు. వెచ్చదనానికి అక్కడికి రక్తం ఎక్కువ వస్తుంది, చర్మం మెత్తబడి లోపలున్నది బయటికి రావడానికి దారి దొరుకుతుంది. తీశాక శుభ్రమైన బట్టతో పూర్తిగా ఆరేలా తుడవాలి. పని ఉన్నప్పుడు మాత్రం వదులుగా చిన్న కట్టు కట్టుకోవచ్చు. చెయ్యి కిందికి వేలాడేస్తే పోటు ఎక్కువవుతుంది, రాత్రి దిండు మీద ఎత్తుగా పెట్టుకుంటే కాస్త నిద్ర పడుతుంది. ఇంట్లో షుగరుతో స్పర్శ తగ్గినవాళ్లుంటే నీళ్ల వేడిని వాళ్లు చూసుకోకూడదు, ఇంకొకరు మోచేత్తో చూడాలి. అసలు షుగరు ఉన్నవాళ్లు ఇంట్లో రోజులు లెక్కపెట్టకుండా మొదటి రోజే చూపించుకోవాలి.

ఇక నిమ్మకాయ. కాయకు బొక్క చేసి వేలికి టోపీలా తొడగడం మనకు తాతలనాటి అలవాటు. చల్లగా ఉంటుంది, వేలికి ఏదీ తగలకుండా అడ్డం ఉంటుంది కాబట్టి కొంత హాయిగా అనిపించడం నిజమే. కానీ లోపలున్న చీమును అది లాగదు. తోలు చిరిగినచోట పులుపు మండిస్తుంది, వేలు రాత్రంతా తడిలో నానుతుంది. అంతకంటే పెద్ద నష్టం, టోపీ కింద వేలు ఎలా మారుతుందో ఎవరూ చూడరు. సున్నం బెల్లం కలిపి పట్టు వేస్తే సున్నం చర్మాన్ని కాలుస్తుంది, అప్పుడు ఎరుపు జబ్బుదో కాలినదో డాక్టరుకే తెలియకుండా పోతుంది. పేడ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, ధనుర్వాతం వచ్చే దారి అది.

ఆ కుర్రవాడికి ఆదివారం మొదలైంది. సోమవారమంతా వెచ్చటి నీళ్లు పెట్టారు. మంగళవారం రాత్రి పోటుకు నిద్ర పట్టలేదు. వేలి కొన దగ్గర గుండె కొట్టుకుంటున్నట్టుంది అన్నాడు. బుధవారం పొద్దున చూస్తే గోటి పక్కన ఎరుపు మధ్యలో పసుపు తెలుపు రంగు మచ్చ కనబడింది. అది చీము. చీము కనబడకపోయినా పట్టుకునే ఉపాయం ఒకటుంది. వేలి కొన మెత్తటి భాగాన్ని బొటనవేలితో మెల్లగా ఒత్తించాలి. చీము గూడు కట్టి ఉంటే దానిపైనున్న చర్మం చుట్టూ ఉన్న ఎరుపునుంచి విడిగా తెల్లగా పాలిపోయి, దాని హద్దు కనబడుతుంది. డాక్టర్లు కూడా ఈ పరీక్ష చేస్తారు.

చీము గూడు కట్టాక మాత్రలు మాత్రమే మింగుతూ కూర్చుంటే లాభం తక్కువ, మందు ఆ గూటిలోకి సరిగా చేరదు. దాన్ని బయటికి తీయాల్సిందే. అయితే ఇంట్లో గుండుసూదితో పొడవకూడదు. అక్కడ చర్మం కింద గోరు పుట్టే చోటు ఉంటుంది, దాని వెనకే వేలి చివరి కీలు ఉంటుంది. సూది ఎటు పోయిందో మనకు కనబడదు. పైన కొంచెం చీము వచ్చి మూసుకుంటుంది, లోపలిది అలాగే ఉండిపోతుంది.

ఆస్పత్రిలో చేసేది చూడటానికి పెద్ద పని కాదు. వేలి మొదట్లో రెండు పక్కలా మత్తు ఇంజెక్షను ఇస్తారు. ఆ రెండు పోట్లే నొప్పి, అయిదు పది నిమిషాల్లో వేలు మొద్దుబారిపోతుంది. తర్వాత సన్నటి పరికరాన్ని గోటికి సమాంతరంగా, గోటిని ఆనుకుని చర్మం అంచు కిందికి జరిపి మెల్లగా పైకి లేపుతారు. చాలాసార్లు చర్మాన్ని కోయనే అక్కరలేదు, తలుపు తీసినట్టు అంచు లేస్తే చీము తనంతట కారిపోతుంది. చీము గోటి కిందికి కూడా పాకి ఉంటే ఆ పక్క గోటిని కొంత తీయాల్సి రావచ్చు, అది మళ్లీ పెరుగుతుంది. ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నారో అడుగుతారు, గుర్తు చేసుకుని వెళ్లండి. తాలూకా ఆస్పత్రిలో అయ్యే పనే ఇది, దీనికోసం బెంగళూరు బస్సు ఎక్కక్కరలేదు.

ఆ పిల్లవాడు మత్తు దిగాక కూడా పోటు పోయిందన్నాడు. లోపలి ఒత్తిడే ఆ నొప్పికి మూలం. తర్వాత రెండు మూడు రోజులు వెచ్చటి నీళ్లు మళ్లీ పెట్టాలి, తీసినచోటు తొందరగా మూసుకోకుండా మిగిలినది కారిపోవడానికి. ఒకటి రెండు రోజుల్లో ఒకసారి చూపించుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చీము పూర్తిగా పోతే యాంటీబయాటిక్ అవసరం చాలాసార్లు ఉండదు. ఎరుపు వేలి మీదికి పాకుతున్నా, జ్వరమున్నా, షుగరున్నా ఇస్తారు. అంగడిలో అడిగి రెండు మాత్రలు కొని మింగడం మాత్రం వద్దు, జబ్బు సగం అణగి మళ్లీ లేస్తుంది.

కొన్ని గుర్తులు కనబడితే ఒక్క పూట కూడా ఆగకూడదు. వేలి కొన అడుగుభాగం, అంటే వేలిముద్ర వేసే మెత్తటి చోటు, గట్టిగా బిగుసుకుని భరించలేని పోటు పెట్టడం ఒకటి. వేలు మొత్తం ఉబ్బి కొంచెం వంగి ఉండిపోయి, చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి రావడం ఇంకొకటి. అది స్నాయువు చుట్టూ ఉన్న తొడుగులోకి చీము పోయిందనే గుర్తు, ఆలస్యమైతే వేలు మళ్లీ సరిగా వంగదు. ఎర్రటి గీత చెయ్యి మీదికి పాకడం, చలిజ్వరం కూడా అంతే. దీనికి పూర్తిగా వేరైనది ఇంకొకటుంది: చీముకు బదులు చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా వచ్చి మండుతాయి. పెదవి మీద అలాంటి పొక్కులు వచ్చే వైరస్సే దానికీ కారణం. దాన్ని కోయకూడదు, పొడవకూడదు. నోట్లో వేళ్లు పెట్టుకునే పిల్లలకు అది వచ్చే అవకాశముంది.

ఇక తల్లి వేళ్లు. ఆరు వారాలు దాటినా తగ్గకుండా ఉండే గోరుచుట్టు వేరే జాతి. ఆమె గోళ్ల మొదట్లో ఆ తెల్లని పొర అసలు లేదు. చర్మం గోటినుంచి విడిపోయి సందు ఏర్పడింది. గోటి మీద అడ్డంగా గాడులు పడ్డాయి. సబ్బు నీళ్లు ఆ పొరను కరిగిస్తాయి, సందులో సబ్బు, పులుపు, కారం చేరి చర్మాన్ని రోజూ రేపుతాయి, వాపు వస్తుంది, వాపుతో సందు ఇంకా తెరుచుకుంటుంది. ఇదొక సుడి. శిడ్లఘట్ట పక్క పట్టు రీలింగు చేసేవాళ్లు వేడినీళ్ల తొట్టిలో గూళ్ల పోగు కొసలు వెతుకుతూ వేళ్లు నానబెడతారు కదా, హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు, పాలు పితికేవాళ్లు, వీళ్లందరి వేళ్లకూ ఇదే బాధ.

ఆ సందులో బూజు జాతి కాండిడా క్రిమి దొరకడం నిజమే. అందుకని చాలాకాలం దీన్ని ఫంగస్ జబ్బు అనుకుని ఆ మందులే వాడారు. 2002లో ఇటలీ వైద్యులు ప్రచురించిన పోలికలో ఫంగస్ మాత్రలకంటే పైన పూసే స్టిరాయిడ్ మలాము మెరుగ్గా పనిచేసింది. క్రిమి ఉన్నంతమాత్రాన అసలు కారణం అదే కాదని, మూలం తడి, రాపిడి అని దాంతో తేలింది. ఆ మలాము డాక్టరు చెప్పిన కొన్ని వారాలే పూయాలి. చీమున్న వేలికి అది పూస్తే జబ్బును పెంచినట్టే. అంగడిలో అడిగి తెచ్చుకునే మలాము కాదు ఇది.

అవ్వ సలహా తల్లి విషయంలో తిరగబడింది ఇక్కడే. కొడుకుకు మేలు చేసిన వెచ్చటి నీళ్లే ఆమెకు విషం. ఆమెకు కావలసింది ఆరిన చేతులు. రబ్బరు చేతితొడుగులు వేసుకుంటే చాలనుకుంటారు, కానీ వాటిలో చెమటకు వేళ్లు మళ్లీ నానతాయి. లోపల పలచటి నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు వేసుకోవాలి. నూలువి రెండు జతలుంటే ఒకటి ఆరుతుండగా ఒకటి వాడుకోవచ్చు. ఒక్కసారి పదిహేను ఇరవై నిమిషాలకు మించకుండా తీసేయాలి. నిమ్మకాయ పిండటం, మిరపకాయలు కోయడం, టమాటాలు పిసకడం కూడా తొడుగుతోనే. చేతులు కడిగిన ప్రతిసారీ గోటి మూలలు తుడిచి కాస్త వాజిలిన్ రాయాలి. ఆ తెల్లని పొరను వెనక్కి నెట్టడం, కత్తిరించడం పూర్తిగా మానాలి.

అయినా ఓపిక కావాలి. చేతిగోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. పొర మళ్లీ అతుక్కోవడానికి మూడు నెలలు, గాడులున్న గోరు పూర్తిగా పోయి కొత్తది రావడానికి ఆరు నెలలు పట్టవచ్చు. ఇంత చేసినా ఒక్క వేలే తగ్గకుండా ఉన్నా, గోటి కింద నల్లటి చార కనబడినా, అక్కడ పుండు రక్తం కారుతున్నా చర్మం డాక్టరుకు చూపించాలి, అరుదుగా క్యాన్సరు కూడా గోరుచుట్టు వేషంలో వస్తుంది.

కుర్రవాడి అలవాటు ఇంకా పోలేదు. గోళ్లు బాగా పొట్టిగా కత్తిరించి, చదువుకునేటప్పుడు వేళ్లకు కాకరకాయ రసం రాస్తున్నారు. మొదటి వారం ముఖం చిట్లించాడట, రెండో వారం కాకర రుచి అలవాటైపోయిందట. ఇప్పుడు చేతిలో చిన్న రబ్బరు బంతి పెట్టారు, బంతి పట్టుకున్నంతసేపు ఆ చెయ్యి నోటికి పోవడం లేదని తల్లి అంది. తల్లి రబ్బరు తొడుగులు మాత్రం కొళాయి దగ్గర మేకుకు వేలాడుతున్నాయి, నూలు జతలు తీగ మీద ఆరుతున్నాయి.