ఓరుగల్లు సంతలో ఎండుమిర్చి

ఏఐ బొమ్మల యాప్‌లో ‘కాకతీయుల కాలం నాటి సంత’ అని మాత్రమే రాస్తే, ఎండుమిర్చి రాశులు, టమాటా గంపలు, స్టీలు బిందెలు వచ్చిపడే ప్రమాదముంది. రుద్రమదేవి ఏలింది 13వ శతాబ్దంలో. మిర్చి, టమాటా అమెరికా ఖండాల పంటలు. 1492లో కొలంబస్ అక్కడికి వెళ్లాకే సముద్రాలు దాటాయి. అప్పట్లో మనకు కారమంటే మిరియాలే!

‘మిర్చి వద్దు’ అని రాస్తే చాలదు. చాలా యాప్‌లు ‘వద్దు’ను వదిలేసి మిర్చినే పట్టుకుంటాయి. ఉండాల్సినదాన్నే చెప్పాలి. ఉదాహరణకు ఇలా: ‘1280, ఓరుగల్లు, పగటి సంత. మట్టి దారి, తాటాకు పందిళ్లు. మట్టికుండల్లో మిరియాలు, వెదురు గంపల్లో నువ్వులు. చేతి తక్కెడ, రాతి తూకాలు. చేనేత నూలు పంచె కట్టి, పైన కుట్టులేని ఉత్తరీయం వేసుకున్న వర్తకుడు.’ దుస్తుల దగ్గర ‘సంప్రదాయ’ అన్న మాట వాడకండి. పెళ్లి ఆల్బమ్‌లోని జరీ, కుట్టు జాకెట్టు వచ్చేస్తాయి.

బొమ్మ వచ్చాక ముందున్న మనిషిని కాదు, వెనక మూలల్ని పెద్దవి చేసి చూడండి. కరెంటు స్తంభాలు, చొక్కా గుండీలు అక్కడే దాక్కుంటాయి.