డబ్బు పడింది, కబురెప్పుడు?

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక చిన్న దుకాణం ఉందనుకుందాం. సొంత వెబ్‌సైట్ ఉంది. డబ్బు తీసుకోవడానికి రేజర్‌పే పేమెంట్ గేట్‌వే పెట్టుకున్నారు. రోజుకు నలభై దాకా ఆర్డర్లు వస్తాయి. యజమానురాలు కోరేది ఒక్కటే: కస్టమర్ డబ్బు కట్టగానే ప్యాకింగ్ గదిలోని ఫోన్‌కు టెలిగ్రామ్‌లో మెసేజ్ రావాలి. కొరియర్ అబ్బాయి సాయంత్రం ఐదింటికి వచ్చి వెళ్లిపోతాడు. 4:50కి పడిన ఆర్డర్ సంగతి 4:51కే తెలిస్తే చీర ఆ పూటే బయల్దేరుతుంది. 5:05కి తెలిస్తే రేపటికే.

ఈ కబురు రాబట్టడానికి దారులు రెండు. మన ప్రోగ్రామే గడియారం పెట్టుకుని, ఇన్ని నిమిషాలకోసారి గేట్‌వేని ‘కొత్త పేమెంట్లేమైనా వచ్చాయా’ అని అడగడం పోలింగ్. మన సర్వర్ చిరునామా ముందే ఇచ్చి, పేమెంట్ పడినప్పుడు గేట్‌వేనే ఆ చిరునామాకు కబురు పంపేలా చేయడం వెబ్‌హుక్. పాలవాడు వచ్చాడేమోనని మాటిమాటికీ వీధిలోకి తొంగి చూడటానికీ, వాడే వచ్చి తలుపు తట్టడానికీ ఉన్నంత తేడా.

ఐదు నిమిషాలకోసారి అడిగితే రోజుకు 288 సార్లు అడిగినట్టు. ఆర్డర్లు నలభై కాబట్టి అందులో కనీసం 248 సార్లు ‘ఏమీ లేదు’ అన్న జవాబే వస్తుంది. కబురు సగటున రెండున్నర నిమిషాలు, మరీ ఎక్కువైతే ఐదు నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం తగ్గించాలని పది సెకన్లకోసారి అడగడం మొదలుపెడితే రోజుకు 8,640 ప్రశ్నలు. చాలా ప్లాట్‌ఫామ్‌లు ఇన్ని సెకన్లకు ఇన్ని ప్రశ్నలే అని హద్దు పెడతాయి. అది దాటితే 429 అనే కోడ్‌తో తిప్పి పంపేస్తాయి.

పోలింగ్ మీద అందరూ చెప్పే ఫిర్యాదు ఇదే: ఆలస్యం, వృథా. కానీ నలభై ఆర్డర్ల దుకాణానికి 288 ప్రశ్నలు ఒక లెక్కలోవి కావు. నా దృష్టిలో అసలు చిక్కు వేరే చోట ఉంది. పోలింగ్ ప్రోగ్రామ్ రాసేవాళ్లు మామూలుగా ‘కిందటిసారి అడిగినప్పటి నుంచి ఇప్పటి దాకా’ వచ్చినవి ఇవ్వమంటారు. రేజర్‌పేని అడిగే తీరు ఇలా ఉంటుంది:

```
GET /v1/payments?from=1735705800&to=1735706100&count=100
```

ఆ పొడవాటి అంకెలు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. ఇక్కడవి 2025 జనవరి 1 ఉదయం 10:00 నుంచి 10:05 దాకా. చివర ఉన్న `count` రాయడం మరిచిపోతే పదే పేమెంట్లు ఇస్తుంది. వందకు మించి ఒకేసారి ఇవ్వదు. పండగ సేల్ రోజున ఇది గుర్తుండాలి.

చూడటానికి ఏ తప్పూ లేదు. ఇప్పుడు ఒక కస్టమర్ 10:04కి ‘పే’ నొక్కి, యూపీఐ యాప్‌లో పిన్ కొట్టారు. బ్యాంకు వైపు నుంచి జవాబు ఆలస్యమైంది. 10:05కి మన ప్రోగ్రామ్ అడిగినప్పుడు ఆ పేమెంట్ జాబితాలో ఉంది, కానీ దాని స్థితి ఇంకా `created`. డబ్బు రాలేదు కాబట్టి ప్రోగ్రామ్ దాన్ని వదిలేసింది. 10:07కి బ్యాంకు సరేనంది, స్థితి `captured` అయింది. 10:10కి ప్రోగ్రామ్ మళ్లీ అడిగింది, 10:05 నుంచి 10:10 దాకా వచ్చినవి ఇవ్వమని. ఆ పేమెంట్ జాబితాలో రాదు. ఎందుకంటే `from`, `to` చూసేది పేమెంట్ మొదలైన సమయాన్ని, దాని స్థితి మారిన సమయాన్ని కాదు. డబ్బు ఖాతాలో ఉంది, చీర బీరువాలో ఉంది, కబురు మాత్రం ఎప్పటికీ రాదు.

దీనికి మందు తేలికే. ప్రతిసారీ ఐదు నిమిషాలు కాకుండా, కాస్త వెనక్కి, కొన్ని గంటల వెనక దాకా అడగాలి. ఇప్పటికే కబురు పంపిన పేమెంట్ నంబర్లను ఒక పట్టికలో రాసుకుని, అందులో లేనివాటికే మెసేజ్ పంపాలి. బ్యాంకు మరీ ఆలస్యం చేసే సందర్భాలుంటాయి కనుక రాత్రిపూట ఒకసారి గత కొన్ని రోజులదీ కలిపి చూడాలి. తేలికైనదే, కానీ మొదటి కస్టమర్ ఫోన్ చేసి అడిగేదాకా చాలామందికి తట్టదు.

వెబ్‌హుక్‌కు ఈ జబ్బు లేదు. స్థితి మారినప్పుడే కబురు బయల్దేరుతుంది, పేమెంట్ ఎప్పుడు మొదలైందన్నదానితో దానికి పనిలేదు. 10:07కి `payment.captured` అనే ఈవెంట్ మన సర్వర్‌కు వస్తుంది. అందులో పేమెంట్ నంబరు, సొమ్ము, స్థితి అన్నీ ఉంటాయి. సొమ్ము మాత్రం పైసల్లో ఉంటుంది. 425000 అని కనిపిస్తే అది నాలుగు వేల రెండువందల యాభై రూపాయల చీర. వందతో భాగించకుండా మెసేజ్ పంపితే ప్యాకింగ్ గదిలో కాసేపు పండగే.

ఈవెంట్ అందగానే మన సర్వర్ ‘అందింది’ అని 200 వరసలోని కోడ్‌తో బదులివ్వాలి. రేజర్‌పే ఐదు సెకన్లు ఎదురుచూస్తుంది. ఆలోపు బదులు రాకపోతే అందలేదని అనుకుని, తర్వాత అదే ఈవెంట్‌ను మళ్లీ పంపుతుంది. పేచీ ఇక్కడే మొదలవుతుంది. మన ప్రోగ్రామ్ ఈవెంట్ తీసుకుంది, స్టాక్ పట్టికలో చీర తగ్గించింది, బిల్లు తయారుచేసింది, టెలిగ్రామ్‌కు మెసేజ్ పంపింది, ఆ తర్వాత బదులిచ్చింది అనుకుందాం. మామూలు రోజున ఇదంతా రెండు సెకన్ల పని. ఒకరోజు బిల్లు తయారీ నెమ్మదించి ఏడు సెకన్లు పట్టింది. పని పూర్తయింది, కానీ బదులు ఆలస్యమైంది. గేట్‌వే మళ్లీ పంపింది. ప్యాకింగ్ గదికి రెండో మెసేజ్ వచ్చింది. స్టాక్‌లో రెండో చీర తగ్గింది. పని ఒత్తిడిలో ఉన్నవాళ్లు ఆర్డర్ నంబరు చూసుకోకపోతే రెండో పార్శిల్ కూడా కడతారు.

అందుకే అనుభవమున్నవాళ్లు వరస మారుస్తారు. ఈవెంట్ రాగానే దాన్ని ఉన్నదున్నట్టు డేటాబేస్‌లో రాసిపెట్టి, వెంటనే బదులిచ్చేస్తారు. స్టాక్, బిల్లు, మెసేజ్ వగైరా పనులను వెనక మరో ప్రోగ్రామ్ తీరిగ్గా చేస్తుంది. ప్రతి ఈవెంట్‌తో పాటు `x-razorpay-event-id` అనే గుర్తు వస్తుంది. అదే గుర్తుతో రెండోసారి వస్తే బదులిచ్చి పక్కన పడేస్తారు. ఈవెంట్లు జరిగిన వరసలోనే వస్తాయన్న హామీ కూడా లేదు. పైగా ఫెయిలైందని చెప్పిన పేమెంట్ బ్యాంకు జవాబు ఆలస్యంగా వచ్చాక సఫలం కావచ్చు. ‘ఫెయిల్’ అని రాగానే ఆర్డర్ రద్దు చేసేసే ప్రోగ్రామ్ అక్కడ బోల్తా పడుతుంది.

ఇవన్నీ కంటికి కనిపించే తప్పులు. కనిపించనిది ఒకటుంది: మౌనం. సర్వర్ పడిపోయినా, ఎవరో వెబ్‌సైట్ చిరునామా మార్చినా, భద్రతా సర్టిఫికెట్ గడువు తీరినా ఈవెంట్లు అందవు. రేజర్‌పే విరామం పెంచుకుంటూ 24 గంటల పాటు మళ్లీమళ్లీ ప్రయత్నిస్తుంది. అప్పటికీ అందకపోతే ఆ వెబ్‌హుక్‌ను ఆపేసి ఈమెయిల్ పంపుతుంది. డ్యాష్‌బోర్డ్‌లోకి వెళ్లి మనమే మళ్లీ తెరవాలి. ఆ ఈమెయిల్ ఎప్పుడో మానేసిన ఉద్యోగి పేరున ఉన్న మెయిల్‌బాక్స్‌కు వెళ్తే ఇంక చెప్పేదేముంది. దుకాణంలో కూర్చున్నవాళ్లకు మాత్రం తేడా తెలియదు. మెసేజ్ రాలేదంటే అమ్మకం జరగలేదా, కబురు తెగిపోయిందా? రెండూ ఒకేలా కనిపిస్తాయి. పోలింగ్‌లో ఈ అయోమయం తక్కువ. అడిగేది మనమే కాబట్టి, జవాబు రాకపోతే రాలేదని మన ప్రోగ్రామ్‌కు అప్పటికప్పుడే తెలుస్తుంది.

కాబట్టి ఈ దుకాణానికి నేనైతే రెండూ పెట్టమంటాను, కానీ సరిసమానంగా కాదు. మెసేజ్ పంపే పని వెబ్‌హుక్‌ది. పావుగంటకోసారి, గత ఆరు గంటల పేమెంట్లను తెచ్చి పట్టికతో సరిపోల్చే పని పోలింగ్‌ది. అంటే రోజుకు 96 ప్రశ్నలు. పట్టికలో లేని పేమెంట్ దొరికితే రెండు పనులు చేయాలి. ఒకటి, ప్యాకింగ్ గదికి ఆలస్యంగానైనా మెసేజ్ పంపడం. రెండోది చాలామంది వదిలేస్తారు: ‘ఈ పేమెంట్‌ను వెబ్‌హుక్ తేలేదు, పోలింగ్ పట్టుకుంది’ అని సాంకేతిక పనులు చూసే వ్యక్తికి వేరే మెసేజ్ పంపడం. పేమెంట్ పడిన క్షణంలోనే పోలింగ్ నడిచి, వెబ్‌హుక్‌ను ఒకట్రెండు సెకన్లు మించిపోవడం ఉత్తినే జరగొచ్చు. దాన్ని పట్టించుకోకుండా ఉండటానికి పూర్తయి కనీసం రెండు నిమిషాలైనవాటినే లెక్కలోకి తీసుకుంటే సరి. వరసగా మూడు పేమెంట్లు అలా దొరికాయంటే కబురు తెగిందన్నమాటే. అప్పుడు 24 గంటల గడువు ముగిసి ఈమెయిల్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

వెబ్‌హుక్‌కు ఇంకో కాపలా కావాలి. ఆ చిరునామా ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంటుంది. అది తెలిసినవాడెవడైనా ‘డబ్బు కట్టారు’ అని దొంగ ఈవెంట్ పంపొచ్చు. అందుకే రేజర్‌పే ప్రతి ఈవెంట్ హెడర్‌లో `X-Razorpay-Signature` అనే ముద్ర వేస్తుంది. వచ్చిన సందేశాన్నీ, ఇద్దరికే తెలిసిన రహస్య పదాన్నీ కలిపి మన సర్వర్ అదే లెక్క చేసి పోల్చాలి. సందేశాన్ని ముందుగా విప్పి, సర్ది, ఆ తర్వాత లెక్క చేస్తే ఒక్క ఖాళీ తేడా వచ్చినా ముద్ర కలవదు. ‘నిజమైన ఈవెంట్లే తిరస్కారమవుతున్నాయి’ అని తల పట్టుకునేవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఇదే.

చిన్న వ్యాపారాల్లో సొంత సర్వర్ లేకుండా గూగుల్ షీట్‌కు యాప్స్ స్క్రిప్ట్ జోడించి నడిపేవాళ్లు ఉంటారు. అక్కడ ఈవెంట్లు అందుకునే `doPost`కు హెడర్లు కనిపించవు. ముద్ర హెడర్‌లో ఉంది కాబట్టి సరిచూసే దారే లేదు. అలాంటివాళ్లు వచ్చిన ఈవెంట్‌ను నమ్మకూడదు. అందులోని పేమెంట్ నంబరు మాత్రం తీసుకుని, నేరుగా గేట్‌వేని ‘ఈ నంబరు పేమెంట్ నిజంగా పూర్తయిందా’ అని అడిగి, వచ్చిన జవాబును బట్టి మెసేజ్ పంపాలి. లేదంటే అదే యాప్స్ స్క్రిప్ట్‌లో నిమిషానికోసారి నడిచే టైమర్ పెట్టుకుని పోలింగ్‌తోనే సరిపెట్టుకోవచ్చు. ఐదింటి కొరియర్‌ను అందుకోవడానికి ఒక నిమిషం ఆలస్యం అడ్డు కాదు.

రోజువారీ అమ్మకాల మొత్తం, తగ్గిన స్టాక్ జాబితా, జీఎస్టీ లెక్కల వంటివాటికి వెబ్‌హుక్ పెట్టుకోవడం అనవసర శ్రమ. గంటకో, రాత్రికో ఒకసారి అడిగితే చాలు.

అంతా అమర్చాక నమ్మకం కుదరాలంటే అమ్మకాలు పలచగా ఉండే ఒక మధ్యాహ్నం, కావాలనే సర్వర్‌ను అరగంట ఆపి చూడాలి. ఆపిన సమయంలో ఎవరితోనైనా రూపాయి పేమెంట్లు రెండు మూడు చేయించాలి. సర్వర్ తిరిగి లేచాక పోలింగ్ వాటిని పట్టుకుందా, సాంకేతిక పనులు చూసే వ్యక్తికి హెచ్చరిక వెళ్లిందా, గేట్‌వే మళ్లీ పంపిన ఈవెంట్ల వల్ల ప్యాకింగ్ గదికి రెండోసారి మెసేజ్ పోకుండా ఆగిందా, ఈ మూడూ చూసుకోవాలి. మూడోది తప్పడమే ఎక్కువ. పోలింగ్ భాగం పేమెంట్ నంబరుతో పట్టిక రాసుకుని, వెబ్‌హుక్ భాగం ఈవెంట్ గుర్తుతో వేరే పట్టిక రాసుకుంటే ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. ఈవెంట్ గుర్తుల పట్టిక దాని పనికి అది ఉండాల్సిందే. మెసేజ్ పంపే ముందు మాత్రం రెండు భాగాలూ ఒకే పేమెంట్ నంబర్ల పట్టికలో చూసుకోవాలి.