వత్తు తెగిన చోట

డిగ్రీ విద్యార్థి ఒకరు తను తయారుచేసిన పేజీని ఫోన్‌లో తెరిచి, స్క్రీన్‌షాట్ తీసి పంపారు. "శీర్షిక కింద కోసుకుపోయింది సార్" అన్న ఒక్క ముక్క తప్ప ఏ బ్రౌజరో, కోడ్ ఏమిటో రాయలేదు. నిజానికి ఆ బొమ్మ ఒక్కటే చాలు.

శీర్షికలో రెండు ఊళ్లున్నాయి, ఒంగోలు, కొత్తపట్నం. ఒంగోలు చక్కగా ఉంది. కొత్తపట్నంలో మాత్రం తవత్తు, నవత్తు రెండూ ఒకే అడ్డగీత దగ్గర తెగాయి. ఫాంటు లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. వరుసలు ఇరుకైతే వత్తులు కింది వరుస మీద పడేవి గానీ తెగవు. కత్తితో కోసినట్టు సమంగా తెగాయంటే అక్షరం పెట్టె దాటింది, దాటిన భాగాన్ని దాచెయ్యమని `overflow: hidden` చెప్పింది. పొడుగు శీర్షిక చివర మూడు చుక్కలు రావాలని చాలామంది దాన్ని రాస్తారు.

అక్షరం పెట్టె ఎందుకు దాటింది? నాకు ఎంతో ఇష్టమైన ఉపాయం ఇక్కడే ఉంది. సీసపు అక్షరాల కాలంలో వరుసల మధ్య పల్చటి సీసపు పట్టీలు పెట్టేవారు. హోకన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించిన సీఎస్ఎస్, 1996లో ప్రమాణమైనప్పుడు ఆ పట్టీని రెండు సగాలు చేసి, సగం అక్షరం పైన, సగం కింద పెట్టింది. సీసపు పట్టీ మందం సున్నా కంటే తగ్గదు. ఈ పట్టీ మాత్రం రుణసంఖ్య కూడా కావచ్చు.

లెక్క చూద్దాం. బొమ్మ వెడల్పు 1080 పిక్సెళ్లు, ఆ ఫోన్‌లో పేజీ వెడల్పు 360. అంటే బొమ్మలో కొలిచిన దేన్నైనా మూడుతో భాగించాలి. శీర్షిక పెట్టె బొమ్మలో 72, అసలు 24. అక్షరం 20 అయితే `line-height` 1.2 అన్నమాట. ఆంగ్లానికి అది సరిపోతుంది. తెలుగు ఫాంటు పైనా కిందా కలిపి 32 అడిగిందనుకోండి, 24లోంచి 32 తీస్తే మైనస్ 8. పైన నాలుగు, కింద నాలుగు బయటపడతాయి. పైన సాధారణంగా పోయేది ఖాళీ, కింద పోయేది వత్తు.

```css
h2 {
  line-height: 1.6;
}
```

20ని 1.6తో గుణిస్తే 32, పట్టీ సున్నా. వరుస ఎత్తు పెంచడం కుదరకపోతే `padding-bottom: 4px` ఇచ్చినా వత్తు కనిపిస్తుంది, ఎందుకంటే కోత ప్యాడింగ్ అవతలి అంచు దగ్గర పడుతుంది.

1.6 రాశాక వత్తు ఇంకా ఎక్కువ తెగితే, ఎవరో `height: 24px` అని బిగించారని అర్థం. వరుస పెరిగి అక్షరం నాలుగు పిక్సెళ్లు కిందికి జరిగింది, పెట్టె పెరగలేదు. దాన్ని `min-height` చెయ్యాలి.

బ్రౌజర్ పేరు అడగనిది కూడా ఇందుకే. `normal` అని వదిలేస్తే వరుస ఎత్తు ఫాంటును బట్టి మారుతుంది, విండోస్‌లో ఒకటి, ఆండ్రాయిడ్‌లో ఇంకొకటి. అంకె రాస్తే అన్నిచోట్లా ఒకే ఎత్తు.

తెలుగు పేజీ తయారుచేసేవారు పరీక్షకు "ఒంగోలు" కాకుండా "కొత్తపట్నం" అని టైపు చేసి చూడండి.