ఆ రెండు మీటర్లు ఎక్కడికి పోయాయి?

అంతర్జాతీయ ప్రమాణాలతో కట్టిన 400 మీటర్ల ట్రాక్ లోపలి గట్టు వెంట టేపు పట్టుకుని ఒక చుట్టు కొలిచి చూడండి. 398 మీటర్లకు కాస్త పైన వచ్చి ఆగిపోతుంది. కట్టినవాళ్లు మోసం చేశారనుకోకండి.

ట్రాక్ ఆకారం బడి లెక్కల్లో చూసిందే. మధ్యలో దీర్ఘచతురస్రం, రెండు చివర్లా చెరో అర్ధవృత్తం. వరల్డ్ అథ్లెటిక్స్ చెప్పే ప్రామాణిక ట్రాక్‌లో తిన్నగా ఉండే భాగం 84.39 మీటర్లు, గట్టు దగ్గర మలుపు వ్యాసార్ధం 36.50 మీటర్లు. రెండు అర్ధవృత్తాలు కలిస్తే నిండు వృత్తమే కాబట్టి చుట్టుకొలత 2L + 2πr. అంటే 168.78, దానికి 229.34 కలిపితే 398.12. పిల్లలు ఇక్కడ దీర్ఘచతురస్రం నాలుగు భుజాలూ కలిపేస్తుంటారు. అడ్డంగా ఉన్న ఆ రెండు భుజాలూ మైదానం లోపల ఉండిపోయాయి, వాటి మీద ఎవరూ పరుగెత్తరు.

మనిషి గట్టు మీద కూడా పరుగెత్తడు. కాలు తగలకుండా కాస్త ఎడంగా వెళతాడు. అందుకే గట్టుకు 30 సెంటీమీటర్ల అవతల ఒక గీత ఉన్నట్టు ఊహించి దూరం కొలుస్తారు. అప్పుడు వ్యాసార్ధం 36.80 అవుతుంది, మలుపులు 231.22కు పెరుగుతాయి, మొత్తం సరిగ్గా 400. ఇది తెలియక గట్టునే 36.80 దగ్గర కట్టేస్తే చుట్టుకు 1.88 మీటర్లు అదనం. పదివేల మీటర్ల పందెంలో 25 చుట్లు కాబట్టి పాపం ఒక్కొక్కరూ 47 మీటర్లు ఊరికే పరుగెత్తాలి.

రెండో లేన్‌కు గట్టు ఉండదు, గీతే. గీతకు 20 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు కనుక అక్కడ వ్యాసార్ధం 37.92, చుట్టు 407.04. ఆ 7.04 మీటర్ల తేడా కోసమే 400 పందెంలో రెండో లేన్ వాళ్లను అంత ముందుకు నిలబెడతారు. తిన్నని భాగం అన్ని లేన్లకూ ఒకటే, తేడా అంతా మలుపులదే.

ఇక వైశాల్యం. గట్టు లోపలి మైదానానికి 2rL + πr² వేస్తే సుమారు 10,346 చదరపు మీటర్లు, రెండున్నర ఎకరాలు దాటుతుంది. ఎనిమిది లేన్ల పట్టీ ఎంత ఉంటుందో చెప్పడానికి బయటి ఆకారంలోంచి లోపలిది తీసేయొచ్చు. అంతకన్నా సుళువు, పట్టీ నడిమధ్య గీత పొడవును వెడల్పుతో గుణించడం. ఆ గీత 428.78 మీటర్లు, వెడల్పు 9.76, లబ్ధం దాదాపు 4,185 చదరపు మీటర్లు. నడిమి గీత బదులు గట్టు పొడవుతో గుణిస్తే 3,886 వస్తుంది. ఆ లెక్కన సింథటిక్ పూత తెప్పించుకుంటే చివర్లో 300 చదరపు మీటర్ల నేల ఖాళీగా మిగులుతుంది.