గూగ్లీ, నైట్‌వాచ్‌మన్: కామెంటేటర్ ఆ మాట అన్నప్పుడు ఎటు చూడాలి?

ఇంగ్లీషు కామెంటరీ వింటూ క్రికెట్ చూడటం మొదలుపెట్టినవాళ్లకు స్కోరు అర్థమవుతుంది, ఫోరూ సిక్సరూ అర్థమవుతాయి. బౌలర్ వేసిన ఒక బంతికి కామెంటేటర్ ఉన్నట్టుండి గొంతు పెంచి ‘గూగ్లీ’ అన్నప్పుడే చిక్కు. పక్కవాళ్లు ఆహా అంటారు గానీ, కొత్తవాళ్ల కంటికి ఆ బంతి మిగతా స్పిన్ బంతుల్లాగే కనిపిస్తుంది.

తేడా తెలియాలంటే ముందుగా లెగ్ స్పిన్నర్ మామూలుగా ఏం చేస్తాడో చూడాలి. కుడిచేతి బౌలర్ మణికట్టు విసురుతో వదిలిన బంతి పిచ్‌మీద పడ్డాక కుడిచేతి బ్యాటర్‌కి దూరంగా, స్లిప్ ఫీల్డర్ వైపు తిరుగుతుంది. దాన్ని లెగ్ బ్రేక్ అంటారు. గూగ్లీ వేసేటప్పుడు అదే పరుగు, దాదాపు అదే చేతి ఊపు. బంతి వదిలే క్షణంలో మాత్రం మణికట్టు ఇంకా ఎక్కువ తిరిగి, అరచేతి వెనుక భాగం బ్యాటర్ వైపు ఉంటుంది. దాంతో బంతి ఎదురు దిశలో తిరిగి బ్యాటర్ మీదికే వస్తుంది. బయటికి పోతుందనుకుని అతను బ్యాట్ చాపితే, బ్యాట్‌కీ ప్యాడ్‌కీ మధ్య సందు మిగులుతుంది. బంతి అందులోంచి దూరిపోతుంది. ఎడమచేతి బ్యాటర్‌కైతే ఇదంతా తలకిందులు: లెగ్ బ్రేక్ లోపలికి వస్తుంది, గూగ్లీ బయటికి పోతుంది. ఆస్ట్రేలియా కామెంటేటర్లు దీన్నే ‘రాంగ్ అన్’ అంటారు.

అందుకే రీప్లే వచ్చినప్పుడు బంతిని వదిలేసి బౌలర్ మణికట్టును చూడాలి. బ్యాటర్ కూడా అదే చేస్తాడు. చేతిలోంచి బయటపడుతున్నప్పుడే కనిపెట్టగలిగితే ‘పిక్ చేశాడు’ అంటారు. కనిపెట్టలేకపోతే పిచ్‌మీద పడ్డాక బంతి తిరిగే తీరు చూసి ఆడాలి, అప్పటికి సమయం చాలదు.

ఈ బంతిని కనిపెట్టింది బెర్నార్డ్ బోసాంకే అనే ఇంగ్లండ్ ఆటగాడు. టేబుల్‌మీద టెన్నిస్ బంతిని తిప్పి, ఎదురుగా కూర్చున్నవాళ్లకు అందకుండా చేసే ఆట నుంచి అతనికి ఈ ఆలోచన వచ్చింది. 1900లో లార్డ్స్‌లో దీనితో అతను తీసిన తొలి వికెట్ శామ్యూల్ కోది. 98 పరుగుల మీదున్న కో స్టంపౌట్ అయ్యాడు. ఆ బంతి నాలుగుసార్లు నేలను తాకి వెళ్లింది! అదుపు తప్పడం గూగ్లీకి పుట్టుకతోనే ఉంది. మణికట్టు అంత వంచాల్సి రావడంతో బంతి మరీ పొట్టిగానో, ఫుల్‌టాస్‌గానో పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

అందరికీ తెలిసిన గూగ్లీ 1948 ఆగస్టులో ఓవల్‌లో పడింది. డాన్ బ్రాడ్‌మన్ తన చివరి టెస్టు ఆడుతున్నాడు. నాలుగు పరుగులు చేస్తే సగటు సరిగ్గా 100. ఎరిక్ హోలీస్ వేసిన మొదటి బంతిని ఆపాడు, రెండోది గూగ్లీ, బౌల్డ్. సగటు 99.94 దగ్గర ఆగిపోయింది.

నైట్‌వాచ్‌మన్ మాట రోజుల తరబడి సాగే ఆటలోనే వినిపిస్తుంది, ఎందుకంటే వన్డేలో గానీ టీ20లో గానీ మామూలుగా ఇన్నింగ్స్ మర్నాటికి మిగలదు. టెస్టులో ఆ రోజు ఆట ముగియడానికి పావుగంటో అరగంటో ఉందనగా వికెట్ పడుతుంది. బౌలర్లు మంచి ఊపు మీదుంటారు, వెలుతురు తగ్గుతుంటుంది. రావలసిన మంచి బ్యాటర్‌ని దాచి, ఒక బౌలర్‌ని ముందు పంపుతారు. నిబంధనల్లో ఈ పేరుతో ఏమీ లేదు. బ్యాటింగ్ వరుసను జట్టు తనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు, అంతే.

ఇది బెడిసికొడితే ఎలా ఉంటుందో 2024 నవంబర్ 1న ముంబై వాంఖడేలో కనిపించింది. న్యూజిలాండ్ మీద భారత్ స్కోరు 78 ఉండగా యశస్వి జైస్వాల్‌ని అజాజ్ పటేల్ బౌల్డ్ చేశాడు. నైట్‌వాచ్‌మన్‌గా వచ్చిన హైదరాబాద్ పేసర్ మహమ్మద్ సిరాజ్ మొదటి బంతికే ఎల్బీ అయ్యాడు. రివ్యూ కూడా పోయింది. ఎవరిని దాచాలనుకున్నారో ఆ విరాట్ కోహ్లీ అదే సాయంత్రం రావలసి వచ్చింది, నాలుగు పరుగులకే రనౌట్ అయ్యాడు. భారత్ ఆ టెస్టును 25 పరుగులతో ఓడింది. ఒక వికెట్ కాపాడబోయి రెండు పోగొట్టుకోవడం ఈ ఎత్తుగడలోని అసలు ప్రమాదం. ఆ వికెట్ చౌకది కాదు, లెక్కలో అదీ ఒక వికెట్టే.

ఫలిస్తే మాత్రం లాభం మర్నాడు వస్తుంది. 2006లో చిట్టగాంగ్‌లో బంగ్లాదేశ్ మీద నైట్‌వాచ్‌మన్‌గా దిగిన ఆస్ట్రేలియా పేసర్ జేసన్ గిలెస్పీ 201 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఇలాంటివి అరుదు. ఎక్కువగా జరిగేది 2025 ఆగస్టులో ఓవల్‌లో ఆకాశ్ దీప్ చేసినలాంటి పని. రెండో రోజు చివర్లో వచ్చి వికెట్ నిలబెట్టుకున్నాడు. మూడో రోజు ఉదయం జైస్వాల్‌తో కలిసి మూడో వికెట్‌కి 107 పరుగులు జోడించి, తాను 66 కొట్టాడు. ఆ టెస్టును భారత్ ఆరు పరుగుల తేడాతో గెలిచింది. చివరి వికెట్ తీసింది సిరాజే.